రాక్ గీతంలో వాద్యబృందం: వైభవమా, భారమా? – ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గిటారు, బేస్, డ్రమ్స్, గొంతు అనే నాలుగు అంగాలపై నిలిచిన రాక్ సంగీతంలోకి 1960ల ద్వితీయార్ధంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు తీగవాద్యాలూ బృందగానమూ ప్రవేశించాయి. ఈ చేర్పు పాటకు గాంభీర్యాన్ని ఇచ్చిందని కొందరు కళాకారులు భావించగా, పాటను ఉబ్బించిందని విమర్శకులు ఆక్షేపించారు. ఈ వివాదాన్ని వాద్యకారుల సంఖ్యకు కుదించి చూడటం పరిపాటి. సంఖ్య అసలు కారణం కాదనీ, పాట నిర్మాణంలో వాద్యబృందానికి దక్కిన స్థానమే నిర్ణాయకమనీ బీటిల్స్ పాడిన ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ చరిత్ర తెలుపుతుంది.

రికార్డింగ్ చరిత్ర

పాల్ మెకార్ట్నీ రచించిన ఈ పాట మూల రూపం 1969 జనవరి 26న లండన్‌లో ధ్వనిముద్రితమైంది. మెకార్ట్నీ పియానో వాయిస్తూ పాడగా, సాధారణంగా గిటారు వాయించే జాన్ లెనన్ బేస్ అందుకున్నాడు. పై నుంచి ఏ కృత్రిమమైన చేర్పూ లేకుండా, నలుగురూ ఒకే గదిలో వాయించినట్లు వినిపించాలన్నది ఆనాటి సంకల్పం. ఆ ముద్రణలు ఏడాదికి పైగా పక్కన పడి ఉన్నాయి. చివరకు వాటిని ఆల్బమ్‌గా తీర్చే బాధ్యత అమెరికన్ నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేతికి వచ్చింది.

1970 ఏప్రిల్ 1న స్పెక్టర్ ఈ పాటతో పాటు మరి రెండు పాటలకు వాద్యబృందాన్ని జోడించాడు. రిచర్డ్ హ్యూసన్ స్వరలిపి సిద్ధం చేశాడు. 18 వయొలిన్లు, 4 వయోలాలు, 4 చెల్లోలు, ఒక హార్ప్, 3 ట్రంపెట్లు, 3 ట్రాంబోన్లు, 2 గిటార్లు, 14 మంది గాయనులు ఆ రోజు పనిచేశారు. బీటిల్స్‌లో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ ఒక్కడే హాజరయ్యాడు. పాట రచయితకు ఈ మార్పు ముందుగా తెలియదు.

ఏప్రిల్ 14న మెకార్ట్నీ తమ సంస్థ నిర్వాహకుడు అలెన్ క్లైన్‌కు లేఖ రాశాడు. ఆ లేఖను విమర్శకులు శ్రద్ధగా చదవవలసి ఉంది. అందులో తీగవాద్యాలను పూర్తిగా తొలగించమని అతడు కోరలేదు. తీగవాద్యాల, ఇత్తడి వాద్యాల, గాయనుల స్థాయిని తగ్గించి, తన గొంతునూ బృందపు వాద్యాలనూ ముందుకు తెమ్మన్నాడు. చివరనున్న హార్ప్‌ను మాత్రం తీసేసి, దాని స్థానంలో మూలంలోని పియానో స్వరాలనే ఉంచమన్నాడు. అంటే అతని అభ్యంతరం అలంకారం మీద కాదు, అలంకారం అలంకార్యాన్ని కప్పివేయడం మీద. ఆ మార్పులు జరగలేదు.

తీగవాద్యాలపై వ్యతిరేకత కాదు

తీగవాద్యాలు మెకార్ట్నీకి కొత్త కావు. 1966లో ‘ఎలినార్ రిగ్బీ’కి నిర్మాత జార్జ్ మార్టిన్ 4 వయొలిన్లు, 2 వయోలాలు, 2 చెల్లోలతో రాసిన కూర్పును విమర్శకులు మెచ్చుకున్నారు. ఆ పాటలో బీటిల్స్ సభ్యులెవరూ వాద్యం ముట్టలేదు. ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ మైకులను తీగలకు అతి సమీపంలో ఉంచడంతో కమాను రాపిడి కూడా చెవిని తాకుతుంది. తీగలు పొడిగా, తెగినట్లుగా లయను కొడతాయి. రాక్‌లో గిటారూ డ్రమ్సూ చేసే పనిని అక్కడ తీగలే చేస్తాయి. వాటిని తీసివేస్తే గొంతు తప్ప పాట మిగలదు.

‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’లో స్థితి దీనికి విరుద్ధం. లయ, స్వరసంగతి, భావం మూల ముద్రణలోనే పియానో, గొంతుల మధ్య పూర్తయ్యాయి. ఇది నెమ్మదిగా సాగే పాట. చరణపాదాల మధ్య మెకార్ట్నీ విడిచిన విరామాలు ఆ ఒంటరితనానికి అర్థాన్నిస్తాయి. స్పెక్టర్ కూర్పులో తీగల ఆరోహణలూ గాయనుల పదరహిత ఆలాపనా సరిగ్గా ఆ విరామాలనే నింపుతాయి. పైగా గాయనుల దీర్ఘాచ్చులు గాయకుడి గొంతు వ్యాపించే మధ్యస్థాయి ధ్వనులతోనే పోటీ పడతాయి. ఒకే స్థాయిలో రెండు ధ్వనులు చేరినప్పుడు సన్ననిది మరుగున పడుతుంది. ఇక్కడ మరుగున పడినవి గొంతులోని వణుకు, ఊపిరి, తడబాటు. ‘ఉబ్బింది’ అన్న ఆక్షేపణకు శ్రవణపరమైన ఆధారం ఇదే.

స్పెక్టర్ పక్షం

స్పెక్టర్ పద్ధతికి తనదైన తర్కం ఉంది. 1960ల ఆరంభంలో లాస్ ఏంజెలిస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో అతడు అనేక గిటార్లను, పియానోలను ఒకేసారి వాయింపజేసి, ఆ ధ్వనిని ప్రతిధ్వని గది గుండా పంపి, మోనోలో ఒకే ముద్దగా మలిచాడు. ఏ వాద్యమూ విడిగా వినిపించకపోవడమే అక్కడి లక్ష్యం. ఆ పాటలు ఆ ధ్వని కోసమే పుట్టాయి. బలమైన తాళం వాటి బరువును మోసింది. నలుగురి కోసం పుట్టిన మెల్లని పాటపై అదే దృష్టిని మోపినప్పుడు మోయగల తాళం లేకపోయింది.

మరొక కారణాన్నీ గుర్తించాలి. మూల ముద్రణలో లెనన్ బేస్ వాయింపులో స్పష్టమైన పొరపాట్లున్నాయి. వాద్యబృందం వాటిని చాలా వరకు కప్పింది. అసంపూర్ణమైన ముద్రణల నుంచి స్పెక్టర్ విడుదల చేయదగిన ఆల్బమ్ తీశాడని లెనన్ అతన్ని సమర్థించాడు. ఆ మేరకు ఈ వైభవం మరమ్మతు కూడా. రోలింగ్ స్టోన్‌లో జాన్ మెండెల్సన్ ఈ కూర్పును తీవ్రంగా నిరసించినా, 1970 జూన్‌లో పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానానికి చేరింది.

ఈ విషయంలో పోలికకు సరైన ఆధారాన్ని ఎంచుకోవడం పరిశోధకులకు ముఖ్యం. 2003లో వచ్చిన ‘లెట్ ఇట్ బీ... నేకెడ్’లోని రూపాన్ని ‘తీగలు తీసేసిన పాట’గా ఉదహరించడం సరికాదు. అది 1969 జనవరి 31 నాటి వేరే ముద్రణ. స్పెక్టర్ వాడిన జనవరి 26 ముద్రణ చేర్పులు లేకుండా 1996 నాటి ‘ఆంథాలజీ 3’లో లభిస్తుంది. ఆ రెంటినీ పక్కపక్కన విన్నప్పుడే వాద్యబృందం ఏమిచ్చిందో, ఏం తీసుకుందో తేలుతుంది. బేస్ లోపాలు బయటపడతాయి. మౌనాలు తిరిగి వస్తాయి.

బృందగానానికి తగిన చోటు

బృందగానం స్వతహాగా దోషం కాదనడానికి 1969లో రోలింగ్ స్టోన్స్ వెలువరించిన ‘యు కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యు వాంట్’ నిదర్శనం. ఆ బృందగానాన్ని కూర్చిన జాక్ నిట్చీ అంతకుముందు స్పెక్టర్ వద్దనే స్వరలిపి రాసినవాడు. లండన్ బాక్ కోయిర్ పాటను ఒంటరిగా ప్రారంభించి తప్పుకుంటుంది, ముగింపు దిశలో తిరిగి చేరుతుంది. గాయకుడు కథ చెబుతున్నప్పుడు అడ్డురాదు. నిత్యజీవితపు నిరాశను చర్చి గాంభీర్యంతో పలికించడంలో ఒక వ్యంగ్యం కూడా ఉంది. ఇక్కడ గాయకుల సంఖ్య స్పెక్టర్ పిలిపించిన 14 మంది కంటే పెద్దదే. అయినా పాట ఊపిరి ఆడుతుంది.

ముగింపు

హారాన్ని నడుముకు, మొలనూలును మెడకు ధరిస్తే నవ్వులపాలవుతారని క్షేమేంద్రుడు ఔచిత్యచర్చలో చెప్పిన మాట ఇక్కడ అన్వయిస్తుంది. హారంలో లోపం లేదు, చోటులోనే ఉంది. ‘ఎలినార్ రిగ్బీ’లో తీగలు పాట శరీరమయ్యాయి. రోలింగ్ స్టోన్స్ పాటలో బృందగానం ఒక పాత్ర అయింది. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’లో మాత్రం వాద్యబృందం పూర్తయిన పాటపై కప్పిన శాలువా అయింది. మెకార్ట్నీ తరువాతి ప్రదర్శనల్లో తన కూర్పునే వాడుకున్నాడని స్పెక్టర్ ఎత్తిపొడిచాడు. అది నిజమైనా విమర్శ వీగిపోదు. వేల మంది ముందు వేదికపై కావలసిన విస్తృతి వేరు, చిన్న గదిలో పుట్టిన ధ్వనిముద్రణకు కావలసిన విరామం వేరు.