కొడుకు పక్కకు పిలిస్తే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి బ్రిటన్ ప్లాబ్ రెండో భాగానికి తయారయ్యే పిల్లలు కొందరు నా దగ్గర సాధన చేస్తుంటారు. ఒక్కో స్టేషన్‌కు 8 నిమిషాలు. చెడు వార్త చెప్పే స్టేషన్ వస్తే అందరూ పట్టుకునేది ‘స్పైక్స్’నే. 2000లో బెయిల్, బక్‌మన్ బృందం ప్రచురించిన ఆరు మెట్ల పద్ధతి ఇది: చోటు సిద్ధం చేసుకోవడం, రోగికి ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోవడం, విషయం చెప్పడం, బాధను పట్టించుకోవడం, తర్వాత ఏం చేయాలో కలిసి తేల్చుకోవడం.

ఆరూ అందరికీ కంఠతా వచ్చు. జారేది మూడో మెట్టు మీదే.

అందుకే ఈ కేసు ఇస్తాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే ఆమెకు రొమ్ములో గడ్డ. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. ఆమె లోపలికి రాకముందే కొడుకు వచ్చి, “అమ్మకు చెప్పకుండి సార్, తట్టుకోలేదు” అంటాడు. బ్రిటిష్ పుస్తకం చదివిన కుర్రాడు గోప్యత గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. ఇక్కడి వార్డుల్లో పెరిగిన అమ్మాయి సరేనని తలూపుతుంది. ఇద్దరికీ మార్కులు పోతాయి, పోవాలి కూడా. ముందు కొడుకు భయమేమిటో వినాలి. “నేనుగా ఏదీ ఆమె మీద రుద్దను. కానీ ఆమె అడిగితే అబద్ధం చెప్పను” అని అతనికి స్పష్టంగా చెప్పాలి. ఆ తర్వాత నిర్ణయం ఆమెకే వదలాలి: “రిపోర్టు వచ్చిందమ్మా. అన్నీ నీకే వివరంగా చెప్పమంటావా, మీ అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుందామా?” తనకు వద్దు, కొడుక్కే చెప్పమంటే అదీ ఆమె నిర్ణయమే.

చెప్పమంటే ముందొక హెచ్చరిక: “మనం అనుకున్నంత బాగా రాలేదమ్మా.” ఒక్క క్షణం ఆగాలి. “గడ్డలో క్యాన్సర్ ఉంది.” ఇక నోరు మూయాలి. మనవాళ్లకు కష్టం ఇదే. మౌనం భరించలేక ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ఏకబిగిన అప్పజెప్పేస్తారు. ఆమె చెవికి ఒక్కటీ ఎక్కదు. అంతా విన్నాక “మల్ల మిల్లుకు ఎప్పుడు పోవచ్చు సార్?” అని అడిగిందంటే, వార్త ఇంకా దిగలేదని అర్థం చేసుకోవాలి. అప్పుడు చికిత్స జాబితా మళ్లీ చదవకూడదు. “మిల్లు గురించే ఆలోచిస్తున్నవా అమ్మా?” అని అక్కడి నుంచే అందుకోవాలి.

మొదటి మెట్టు మాత్రం పరీక్షలో అబద్ధంలా ఉంటుంది. రెండు కుర్చీలు, మూసిన తలుపు! మన ఓపీలో బల్ల చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు. కనీసం ఆమెను కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టి, మిగతావాళ్లను కాసేపు బయట ఉండమనొచ్చు.

సాధన చేసే పిల్లలకు ఒక విన్నపం. ఇంగ్లీషులో ఎంత చేసినా, వారానికి ఒక్కసారైనా ఇదే కేసు తెలుగులో చేయండి. చివరి మెట్టులో “పై ఆసుపత్రికి వెళ్లండి” అని వదిలేయకండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఆరోగ్యశ్రీ గురించి ఎవరిని అడగాలో, మళ్లీ మీ దగ్గరికి ఏ రోజు రావాలో చీటీ మీద రాసివ్వండి.