మూడు నెలలు ఎప్పటి నుంచి?

శ్రీశైలం, వెలుగోడు, బ్రహ్మంసాగర్, గండికోట. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఏ జలాశయం కట్టినా ఒకే నోటిఫికేషన్ కింద గట్టు కలిసిన పొలాలు కలిసే పోతాయి. వాటి పరిహారం మాత్రం కలిసి రాదు. అధికారి కట్టిన రేటు చాలదని ఒక రైతు 1894 భూసేకరణ చట్టం 18వ సెక్షన్ కింద రెఫరెన్స్ కోరతాడు, సబ్ కోర్టు రేటు పెంచుతుంది. పక్క పొలం రైతు గడువు సంగతి తెలియకనో, ఖర్చుకు భయపడో ఇచ్చింది తీసుకుని ఊరుకుంటాడు. ఈ రెండో రైతు కోసమే ఆ చట్టంలో 1984లో 28ఏ సెక్షన్ చేర్చారు. పొరుగువాడికి కోర్టు పెంచిన రేటు తనకూ ఇవ్వమని, కోర్టు అవార్డు వచ్చిన మూడు నెలల్లో కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఒకే నోటిఫికేషన్ మీద కోర్టు అవార్డులు ఒకటి కాదు, పది వస్తాయి. మరి ఆ మూడు నెలలు ఏ అవార్డు నుంచి లెక్కించాలి? ఈ ప్రశ్న మీద సీనియర్ వకీలు జూనియర్‌ను ఒక నోట్ రాయమంటే, అది ఒక్క పేజీలో ఎలా తయారవ్వాలో చూద్దాం.

జూనియర్ మొదట తీసేది సుప్రీంకోర్టు కేసుల సంపుటి, 1995, రెండోది. 689వ పేజీలో బాబువా రామ్ కేసు ఉంది. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గడువు మొదటి అవార్డు నుంచే నడుస్తుందని చెప్పింది. 728వ పేజీలో కర్నైల్ సింగ్ కేసూ అదే మాట అంది. ఇక్కడే పుస్తకం మూసేస్తే రెండు తీర్పులు ఏకమాట మీద ఉన్నట్టు కనిపిస్తాయి, రైతు అర్జీ పోయినట్టే. కానీ 736వ పేజీలో ప్రదీప్ కుమారి కేసు ఉంది. అది ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం. సెక్షన్‌లో ‘మొదటి’ అన్న మాట లేదని, రైతు ఏ అవార్డును ఆధారం చేసుకున్నాడో దాని తేదీ నుంచే గడువు లెక్కించాలని చెప్పి, ముందటి రెండు తీర్పులను తోసిపుచ్చింది. మొదటి అవార్డులో పెరిగింది కొంచెమే కావచ్చు, తర్వాతి దానిలో ఎక్కువ కావచ్చు. నోరులేని రైతు కోసం పెట్టిన సెక్షన్‌ను అతని మీదే తలుపు మూసేలా చదవకూడదన్నది ఆ తీర్పులోని తర్కం. అందుకే ప్రతి తీర్పు పక్కనా జూనియర్ మూడు సంగతులు రాసుకోవాలి: ఎంతమంది న్యాయమూర్తులు, ఏ తేదీ, తర్వాత దానికి ఏమైంది. మూడోది రాయని నోట్ ప్రమాదకరం, ఎందుకంటే తోసిపుచ్చిన తీర్పు కూడా పుస్తకంలో నిలిచి ఉన్నదానిలాగే అచ్చై ఉంటుంది.

దీన్ని ఒక లెక్కలో పెట్టి చూద్దాం. నంద్యాల సబ్ కోర్టులో ఒకే నోటిఫికేషన్ మీద రెండు అవార్డులు వచ్చాయనుకోండి. 2009 మార్చి 20న ఎకరాకు లక్ష, 2011 జులై 11న లక్షా అరవై వేలు. కోర్టుకు వెళ్లని రైతు రెండో అవార్డు చూపించి 2011 అక్టోబర్ 15న అర్జీ పెట్టాడు. బాబువా రామ్ ప్రకారం అతని గడువు 2009 వేసవిలోనే అయిపోయింది. ప్రదీప్ కుమారి ప్రకారం జులై 11ని వదిలేసి లెక్కిస్తే అక్టోబర్ 11తో మూడు నెలలు నిండుతాయి. అయినా నాలుగు రోజుల ఆలస్యం కనిపిస్తోంది. అవార్డు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులను మినహాయించాలని సెక్షనే చెబుతుంది. సర్టిఫైడ్ కాపీ మీద ముద్రల ప్రకారం దానికి 12 రోజులు పట్టి ఉంటే, గడువు అక్టోబర్ 23 దాకా సాగుతుంది. అర్జీ నిలుస్తుంది. తీర్పులన్నీ చదివి ఆ ముద్రలు చూడని జూనియర్ ఈ కేసును పోగొట్టగలడు.

ఇక్కడితో ఆగితే నోట్ సులువే. 2018లో రామ్‌సింగ్‌భాయ్ జేరంభాయ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, 28ఏ చెప్పే అవార్డు రెఫరెన్స్ కోర్టుదే గానీ హైకోర్టుది కాదంది. హైకోర్టు అప్పీలులో రేటు పెంచితే, ఆ పెంపు చూపించి అర్జీ పెట్టడానికి వీల్లేదన్నమాట. అందులో ప్రదీప్ కుమారి ప్రస్తావన లేదు. పంజాబ్ హర్యానా హైకోర్టు దీన్ని అనుసరించి రైతులకు వచ్చిన పెంపును రద్దు చేసింది. ఆ కేసే బన్వారీ పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 డిసెంబర్‌లో న్యాయమూర్తులు గవాయ్, విశ్వనాథన్‌ల ధర్మాసనం, ముందు వచ్చిన ముగ్గురి తీర్పే కట్టుబడాల్సినదని తేల్చి, హైకోర్టు పెంపు ఆధారంగా పెట్టిన అర్జీని నిలబెట్టింది. చిన్న ధర్మాసనం పెద్ద ధర్మాసనాన్ని దాటిపోలేదని దావూదీ బోహ్రా కేసులో 2004లోనే అయిదుగురు న్యాయమూర్తులు చెప్పి ఉన్నారు.

నోట్ రాసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఈ చోటే. 2018 తీర్పును ఉదహరించిన హైకోర్టు తీర్పులు పది దొరికితే పది మెజారిటీ అనుకుంటారు. అవి పది అభిప్రాయాలు కావు, ఒకే తీర్పుకు పది ప్రతిధ్వనులు. తీర్పు ఎవరిని అనుసరించిందో వెనక్కి వెళ్లి చూసి, మూలం ఒకటైతే ఒకటిగానే లెక్కపెట్టాలి.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. పైన ఒక్కటిగా కనిపించిన ప్రశ్న నిజానికి రెండు. మొదటి అవార్డా, ఏ అవార్డైనా సరేనా అన్నది ఒకటి. రెఫరెన్స్ కోర్టుదేనా, అప్పీలు కోర్టుదీ పనికొస్తుందా అన్నది మరొకటి. బాబువా రామ్ మొదటి ప్రశ్నకు జవాబు, రామ్‌సింగ్‌భాయ్ రెండోదానికి. బన్వారీ ఈ రెంటినీ ప్రదీప్ కుమారి తర్కంతో కలిపింది. అయితే 1996లో హోసె ఆంటోనియో క్రూజ్ కేసులో సుప్రీంకోర్టు, మూడు నెలలు రెఫరెన్స్ కోర్టు అవార్డు నుంచేనని, అప్పీలు తీర్పు నుంచి కాదని అంది. ఈ తీర్పు మనకు అడ్డమని నోట్‌లోంచి జారవిడిస్తే, ఎదుటి ప్రభుత్వ న్యాయవాది దాన్నే చేతిలో పట్టుకుని లేస్తాడు.

అప్పుడు నోట్ ఇలా వస్తుంది, నా చేతిలో అయితే ఈ మాత్రమే రాస్తాను:

“ప్రశ్న: 28ఏ కింద మూడు నెలల గడువు ఏ అవార్డు నుంచి? జవాబు: అర్జీదారు ఆధారం చేసుకున్న అవార్డు నుంచి. ప్రధాన అభిప్రాయం: ప్రదీప్ కుమారి (1995, ముగ్గురు), దాన్ని తిరిగి నిలబెట్టిన బన్వారీ (2024, ఇద్దరు). పక్కకు పోయినవి: బాబువా రామ్, కర్నైల్ సింగ్, ప్రదీప్ కుమారిలోనే తోసిపుచ్చబడ్డాయి. రామ్‌సింగ్‌భాయ్ (2018, ఇద్దరు), ప్రదీప్ కుమారిని చూడకుండా ఇచ్చినది. విడిగా ఎదుర్కోవాల్సింది: హోసె ఆంటోనియో (1996), అప్పీలు తీర్పు సంగతి వరకే. మన కేసు: ఆధారం రెఫరెన్స్ కోర్టు అవార్డే కాబట్టి ఈ చివరి అడ్డు తగలదు. సరిచూడాల్సినవి: ఒకే నోటిఫికేషనేనా, రైతు 18 కింద ముందే అర్జీ పెట్టలేదు కదా, కాపీ మీద తేదీలు.”

‘మన కేసు’ అన్న వరుస లేకపోతే పైవన్నీ సీనియర్‌కు పాఠంగా మిగులుతాయి గానీ వాదనకు పనికిరావు. మన రైతు హైకోర్టు పెంపు మీద ఆధారపడి ఉంటే అదే వరుసలో ధైర్యం తగ్గించి రాయాలి: బన్వారీ మన పక్షం, హోసె ఆంటోనియోకు జవాబు సిద్ధం చేసుకోవాలి. కొత్తగా వచ్చే కక్షిదారుకైతే, అప్పీలు తేలేదాకా ఆగకుండా రెఫరెన్స్ కోర్టు అవార్డు నుంచే మూడు నెలల్లో అర్జీ పడేయమని చెప్పాలి.

2013 చట్టం కింద పోయిన భూములకు ఈ నోట్‌ను ఉన్నదున్నట్టు వాడకూడదు. అక్కడ 28ఏ స్థానంలో 73వ సెక్షన్ ఉంది, గడువు మూడు నెలలే, కానీ ‘కోర్టు’ అన్న చోట ‘అథారిటీ’ అని ఉంది. ప్రదీప్ కుమారి తర్కం అక్కడా నడుస్తుందని వాదించవచ్చు. ఆ మాట వాదనగానే రాయాలి, తేలిన న్యాయంగా కాదు.