అభ్యంతరం పోకుండా, అవమానం లేకుండా

సమీక్షకుడి కోపాన్ని తీసేసి, అతని అభ్యంతరాన్ని మాత్రం పొల్లుపోకుండా రచయితకు చేర్చే పత్రికా సంపాదకుల పనంటే నాకెంతో గౌరవం.

భద్రాచలం అడవి అంచున పోడు సాగు తగ్గిందని చెప్పే వ్యాసం ఒకటి అనుకుందాం. సమీక్షకుడు ఇలా రాశాడు: "ఈయనకు జిల్లా పటమే తెలియదు. ఒక్క గూడెం తిరిగొచ్చి ఏజెన్సీ అంతటికీ తీర్పు చెప్పాడు." తిట్టు లోపల గట్టి విషయాలు రెండున్నాయి. సంపాదకుడు ముందు వాటిని విడదీసి, తర్వాత తిరగరాస్తాడు:

"2011 జనాభా లెక్కల నాటి ఖమ్మం జిల్లా నుంచి 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. పాత, కొత్త జిల్లాల అంకెలను నేరుగా పోల్చడం చెల్లదు. మండలాల వారీగా మళ్లీ లెక్కించాలి. ఒక్క గూడెం ఆధారంగా ఏజెన్సీ అంతటికీ చేసిన నిర్ధారణ నిలవదు. మరిన్ని గూడేలు చూడాలి, లేదా నిర్ధారణను ఆ గూడేనికే పరిమితం చేయాలి."

"చెల్లదు", "నిలవదు" అలాగే ఉన్నాయి చూడండి. వాటిని "పరిశీలిస్తే బాగుంటుంది" అని మెత్తబరిస్తే, రచయిత అది తన ఇష్టమనుకుని వదిలేస్తాడు. రెండో విడతలో అదే కారణంతో వ్యాసం తిరస్కరిస్తే, మొదట చూపిన మర్యాదే అతనికి అన్యాయం చేసినట్టు. పైగా అభ్యంతరం సమీక్షకుడిది కాబట్టి, మార్చిన మాటలు ఆయనకు చూపి, ఒప్పుకున్నాకే రచయితకు పంపాలి.