యజమాని బల్ల మీదికి వెళ్లాల్సిన ఉత్తరం

రాజమండ్రిలోని ఒక ఫంక్షన్ హాలు మేనేజరుకు కోనసీమ నుంచి వచ్చిన ఉత్తరం నకలు ఒకటి నా దగ్గర ఉంది. రెండు పేజీల చేతిరాత, నీలం సిరా. రాసినాయన పెళ్లికూతురి మేనమామ. రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి ఆగస్టు 22 రాత్రి ముహూర్తానికి. జూలై 9 తెల్లవారుజామున పెళ్లికూతురి తండ్రి పోయారు. అడ్వాన్స్ యాభై వేలు తిరిగి ఇవ్వమని అడగాలి. పేర్లు తీసేసి చెబుతానన్న మాట మీద ఆయన ఈ నకలు ఇచ్చారు. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. ఇంత పనితనం ఉన్నది మాత్రం చూడలేదు.

పైన విషయం అని రాసి ఒక్క వాక్యం పెట్టారు: "ఆగస్టు 22 రాత్రి బుకింగు రద్దు, రసీదు నంబరు, అడ్వాన్స్ రూ. 50,000 గురించి." మామూలుగా ఈ చోట "మా ఇంట్లో జరిగిన విషాదం గురించి" అని ఉంటుంది. శ్రావణం ముందు హాలు మేనేజరు గదిలో ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ తేడాను వెంటనే పట్టుకుంటారు. ఒక చేతిలో ఫోను, ముందు తెరిచిన డైరీ, ఎదురుగా వంటవాళ్లతోనో డెకరేషన్ వాళ్లతోనో పంచాయితీ. ఆయనకు ముందు కావలసింది తేదీ. తేదీ కనబడితే డైరీలో ఆ పేజీ తీస్తాడు. పేజీ తీస్తే పని మొదలైనట్టే.

అయితే ఈ ఉత్తరం ఎవరికి రాశారన్నదే దీనిలోని అసలు తెలివి. పైన మేనేజరు గారికి అని ఉన్నా, డబ్బు తిరిగి ఇచ్చే అధికారం మేనేజరుకు లేదని మేనమామకు తెలుసు. ముప్పై ఏళ్లు మిల్లులో కూర్చున్న మనిషికి గుమాస్తా అధికారం ఎంతవరకో వేరే చెప్పాలా? మేనేజరు ఈ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లి యజమాని ముందు పెట్టాలి. యజమాని అడిగే ప్రతి ప్రశ్నకూ కాగితంలోనే జవాబు ఉండాలి. లేకపోతే మేనేజరు తన నోటితో చెప్పాల్సి వస్తుంది. ఏ ఉద్యోగీ పరాయివాళ్ల డబ్బు కోసం యజమానితో వాదించడు. మొదటి పేరాలోనే ఆయన రాసిన మాట చూడండి: "నిర్ణయం యజమాని గారిదని నాకు తెలుసు. మీరు ఈ కాగితం వారికి చూపిస్తే చాలు. మీరు విడిగా చెప్పవలసిన పని లేకుండా అన్నీ ఇందులో రాశాను."

చావు కబురు ఒక్క వాక్యం: "మా బావగారు ఈ నెల 9వ తేదీ తెల్లవారుజామున గుండెపోటుతో కాలం చేశారు." అంతే. పిల్ల ఏడుపు లేదు, చెల్లెలి పరిస్థితి లేదు, దేవుడు చేసిన అన్యాయం లేదు. దుఃఖం తక్కువై కాదు. ఉత్తరం తేదీ జూలై 14. అంటే మైలలో, ఆరో రోజున, ఇంటినిండా బంధువులున్నప్పుడు కూర్చుని రాసిన ఉత్తరం ఇది. ఆ వాక్యం కిందే రుజువు సంగతి ఉంది. పంచాయతీలో మరణం నమోదుకు 21 రోజుల గడువు ఉంటుంది, ధ్రువీకరణ పత్రం చేతికి రావడానికి సమయం పడుతుంది. అందుకని, "ఆస్పత్రి ఇచ్చిన కాగితం నకలు జత చేశాను. ధ్రువపత్రం వచ్చిన రోజునే పంపుతాను" అన్నారు. నమ్మండి అని అడిగే అవసరమే లేకుండా పోయింది.

పెద్దకర్మ అయ్యేదాకా ఆగకుండా ఆరో రోజే ఎందుకు రాశారో తరువాతి పేరాలో తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పేరా అది. "ఈ రోజు నుంచే ఆ తేదీ మీరు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. మా డబ్బు సంగతి తేలేదాకా ఆగవద్దు. ఆ తేదీకి అడిగి వెనక్కి వెళ్లినవారి పేర్లు మీ డైరీలో ఉంటాయి కదా, ముందు వారికి ఫోను చేయండి."

హాలు వ్యాపారమంతా ఈ మూడు వాక్యాల్లో ఉంది. హాలుకు సరుకు అంటే ముహూర్తం రాత్రే. ఆషాఢంలో హాలు ఖాళీగా పడి ఉంటుంది, మూఢాల్లో అద్దె సగానికి ఇస్తామన్నా అడిగేవారుండరు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి మాత్రం ఒక హాలుకు నలుగురు పోటీ. ఆ రాత్రి ఖాళీగా దాటిపోతే మళ్లీ అమ్ముకోలేరు. కాబట్టి రద్దు కబురు ఎంత ముందు అందితే హాలుకు నష్టం అంత తక్కువ. జూలై 14కి ఇంకా 39 రోజులున్నాయి. శుభలేఖలు వేయించి, హాలు దొరక్క తిరుగుతున్న కుటుంబం ఏదో ఒకటి ఉండే సమయమది. ఇదే ఉత్తరం పెద్దకర్మ అయ్యాక, తీరిగ్గా నెలాఖరున వెళ్లి ఉంటే ఆ కుటుంబం ఇంకో హాలు చూసుకునేది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. డబ్బు ఇస్తేనే తేదీ వదులుతామని బిగుసుకుంటారు. తేదీ పట్టుకుని కూర్చుంటే డబ్బు భద్రంగా ఉంటుందనుకుంటారు గాని, రోజులు గడిచేకొద్దీ హాలు నష్టం పెరిగి, తమ డబ్బు ఆ నష్టంలోకే పోతుంది.

మేనేజర్లు ఇలాంటప్పుడు సాధారణంగా చెప్పే మాట, "డబ్బు ఎందుకండీ, వేరే తేదీకి మార్చుకోండి" అని. ఆ దారిని కూడా ఆయన ముందే మర్యాదగా మూసేశారు. "ఏటిసూతకం లోపల చేయాలా, దాటాక చేయాలా అన్నది పెద్దలు ఇంకా అనుకోలేదు. మగపెళ్లివారి వీలు కూడా చూడాలి. అందువల్ల మరో తేదీ అడగడం లేదు." తండ్రి పోయిన ఇంట్లో ఏడాదిలోపు పెళ్లి చేయవచ్చా లేదా అన్నది ఇంటింటికీ, పురోహితుడు పురోహితుడికీ మారుతుంది. తేలని దాన్ని తేలలేదనే రాశారు. అబద్ధపు తేదీ ఒకటి చెప్పి సర్దుకుంటే ఆ యాభై వేలు అక్కడే ఇరుక్కుపోయేవి.

ఇక లెక్క. అద్దె లక్షా అరవై వేలు. తిరిగి ఎంత ఇవ్వాలో మేనమామ మూడు వరుసల్లో రాశారు. తేదీ అదే అద్దెకు వేరేవాళ్లకు పోతే, ఆఫీసు ఖర్చుకింద రెండు వేలు పట్టుకుని మిగతాది ఇవ్వండి. తక్కువ అద్దెకు పోతే, ఆ తేడా కూడా పట్టుకోండి. అసలు పోకపోతే, సగం మీరు ఉంచుకుని సగం ఇవ్వండి. "మొత్తం ఇప్పించగలరు" అన్న ప్రార్థన ఎక్కడా లేదు. హాలు నష్టంలో తమ వంతు ఎంతో తామే ముందుగా ఒప్పుకోవడం వల్ల యజమాని చేతికి బేరం చేసే సందు తక్కువ మిగిలింది. న్యాయం కూడా అదే. ఆ రాత్రి నిజంగా ఖాళీగా పోతే హాలువాళ్లు మాత్రం ఎందుకు పూర్తిగా నష్టపోవాలి?

రసీదు వెనక అచ్చువేసిన షరతు ఉంది: అడ్వాన్స్ ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు. ఈ షరతు చూడనట్టు నటిస్తే యజమాని మొదట చూపించేది దాన్నే. మేనమామ ఇలా రాశారు: "రసీదు వెనక నాలుగో షరతు చదివాను. అది మా బావగారు సంతకం పెట్టిన కాగితమే. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే తేదీ మీకు ముందుగా వదిలాము." బెదిరింపు లేదు, సెక్షన్లు లేవు. కానీ ఆయన ఆ చివరి మాట పెట్టిన చోటే చట్టం కూడా నిలబడి ఉంది.

తండ్రి చావు వల్ల హాలు వాడటం అసాధ్యమైపోయిందని కోర్టు ఒప్పుకుంటుందని చెప్పలేం. హాలు సిద్ధంగానే ఉంది, దీపాలు వెలుగుతాయి. ఆ వాదన బలహీనం, మేనమామ దాని జోలికి పోలేదు. బలమున్నది 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షనులో. ఒప్పందం తప్పినవారి దగ్గర, కాగితంలో ఎంత రాసుకున్నా, దానికి లోబడి న్యాయమైన పరిహారమే తీసుకోవాలని అది చెబుతుంది. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో ఒక స్థలం 3.12 కోట్లకు పాడారు, 78 లక్షలు ముందుగా కట్టారు. అమ్మకం సాగలేదు. సంస్థ ఆ 78 లక్షలు జప్తు చేసుకుని, తరువాత అదే స్థలాన్ని 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే రానప్పుడు జప్తు ఎలా చేస్తారని కోర్టు అడిగి, డబ్బు తిరిగి ఇప్పించింది. రాజమండ్రి హాలులో ఒక రాత్రి కూడా అంతే: ఇంకొకరికి పోయిందా, ఎంతకు పోయింది అన్నవే అసలు ప్రశ్నలు. మేనమామ ఆ తీర్పు చదవలేదని నాతో చెప్పారు. మిల్లులో బయానా లావాదేవీలు చూసిన అనుభవంతో అదే చోటికి చేరుకున్నారు.

ఉత్తరం పని చేయకపోయి ఉంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. ఆ దారికి కావలసినవి కూడా ఉత్తరంలో చప్పుడు లేకుండా చేరాయి: తేదీలు, రసీదు నంబరు, డబ్బు కట్టిన విధం. మేనల్లుడు వరసైన కుర్రాడితో రెండు ప్రతులు పంపించి, ఒకదాని మీద హాలు ముద్ర, అందిన తేదీ వేయించుకున్నారు.

చివరి పేరా చాలామందికి తట్టనిది. రసీదు పోయినాయన పేరు మీద ఉంది. హాలువాళ్లు అలవాటు ప్రకారం ఆయన పేరుతో చెక్కు రాస్తే దాన్ని ఎవరూ మార్చుకోలేరు. మరణవార్త అందాక బ్యాంకు ఆ ఖాతాలో లావాదేవీలు ఆపేస్తుంది. మరొకరికి ఇస్తే, రేపు ఇంకో వారసుడు వచ్చి అడిగితే ఏమిటన్నది యజమాని భయం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన తల్లి, భార్య, కొడుకు, కూతురు, నలుగురికీ హక్కుంది. "డబ్బు మా చెల్లెలి ఖాతాకు పంపండి. మిగతావారికి అభ్యంతరం లేదని సంతకాలు పెద్దకర్మ అయ్యాక పంపుతాను. అబ్బాయి మైనరు, వాడి తరఫున తల్లే పెడుతుంది" అని రాశారు. మైలలో ఉన్న ముసలావిడ ముందుకు కాగితం తీసుకెళ్లలేదు. అలాగని ఆ సంతకాలు కావాలన్న సంగతీ దాచలేదు.

ఒక్క చోట ఉత్తరం తడబడింది. జీఎస్టీ మాట ఆయన రాయలేదు. ఆగస్టు మొదటి వారంలో ఆ రాత్రి వేరే కుటుంబానికి లక్షా నలభై అయిదు వేలకు పోయింది. తేడా పదిహేను వేలు, ఆఫీసు ఖర్చు రెండు వేలు, మొత్తం పదిహేడు పోగా ముప్పై మూడు వేలు రావాలి. మేనేజరు లెక్క ఒప్పుకున్నాడు, యజమానీ తల ఊపాడు. కానీ అడ్వాన్స్ మీద పన్ను కట్టేశాం, అది మా చేతిలోంచి పోతుందని పట్టుబట్టాడు. వారం పైన అక్కడే ఆగింది. అడ్వాన్స్ తీసుకుని సేవ అందించనప్పుడు రిఫండ్ వోచరు ఇవ్వడానికి జీఎస్టీ చట్టంలోనే వీలుంది. కట్టిన పన్నును లెక్కల్లో సర్దుకోవచ్చు. ఆ సంగతి హాలు లెక్కలు చూసే ఆడిటరు చెప్పాక వోచరు రాశారు. ముప్పై మూడు వేలూ చెల్లెలి ఖాతాలో పడ్డాయి. ఎవరైనా ఇలాంటి ఉత్తరం రాయాల్సి వస్తే ఆ ఒక్క వాక్యం కలుపుకోమని మేనమామే నాతో అన్నారు.