చన్నీళ్ళలో తీసిన కాఫీ, పొగలతో తాగడం ఎలా?

ఫ్రిజ్ తలుపు తీసిన మా అత్తయ్య లోపల వరసగా నిలబడ్డ ఏడు చిన్న సీసాలను చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఏమ్మా, ఇవి దగ్గు మందులా?" కాదు, వారానికి సరిపడా కాఫీ డికాక్షన్ అన్నాను. "చన్నీళ్ళలో నానబెట్టావా? మరి పొద్దున్నే చల్లకాఫీ ఎవరు తాగుతారు?" అన్నది రెండో ప్రశ్న. కోల్డ్ బ్రూ అనగానే చాలామందికి వచ్చే అనుమానమే అది. ఐసుముక్కలతో నిండిన పొడుగాటి గ్లాసు ఒక్కటే దాని రూపమనుకుంటాం. నిజానికి ఆ పేరులోని 'కోల్డ్' తీసే పద్ధతిని చెబుతుంది, తాగే పద్ధతిని కాదు.

1964లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టాడ్ సింప్సన్ అనే ఆయన ఇంట్లో కోల్డ్ బ్రూ తీసుకునే పరికరాన్ని తయారుచేశాడు. లాటిన్ అమెరికా యాత్రలో ఒకచోట చిక్కటి కాఫీ ద్రవం, దాంతోపాటు మరుగుతున్న నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టారట. రెండూ కలుపుకుని తాగిన ఆ వేడి కాఫీయే ఆయన్ని ఈ దారి పట్టించిందని ఆ కథ. న్యూ ఆర్లీన్స్ నగరంలో ఈ అలవాటు ఇంకా పాతది. అంతర్యుద్ధ కాలంలో రేవు దిగ్బంధమై కాఫీ కరువైనప్పుడు అక్కడివాళ్ళు చికోరీ వేరు కలపడం మరిగారు. చికోరీ కాఫీని రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, ఆ చిక్కటి డికాక్షన్‌ను వేడిపాలల్లో కలుపుకోవడం అక్కడి ఇళ్ళకు కొత్త కాదు. చికోరీ, డికాక్షన్, వేడిపాలు: మనకు ఇందులో తెలియనిదేముంది? తేడా అంతా నీళ్ళ వేడిలోనూ పట్టే సమయంలోనూ ఉంది.

వేడినీళ్ళు పొడిలోంచి రుచినీ పులుపునీ చేదునీ నిమిషాల్లో లాగేస్తాయి. అందుకే ఫిల్టరు డికాక్షన్ అంత గుమ్మంటుంది. అయితే రాత్రి తీసిన డికాక్షన్ మర్నాడు పొద్దున మొహం మాడ్చుకుని కూచుంటుందని మనకందరికీ అనుభవమే. వేడిలో మొదలైన మార్పులు ఆగవు, వాసన ఎగిరిపోతుంది, చేదూ పులుపూ మిగులుతాయి. చన్నీళ్ళు అదే పని గంటల తరబడి చేస్తాయి. కొన్ని చేదు పదార్థాలు, కొన్ని ఆమ్లాలు పొడిలోనే ఉండిపోతాయి. ఆ డికాక్షన్‌కు ఘుమఘుమ తక్కువ, కానీ నిలకడ ఎక్కువ. వారం నిలవ ఉంచగలిగేది దానివల్లే. "పులుపు అసలు ఉండదు, కడుపుకు హాయి" అన్న ప్రచారాన్ని మాత్రం పూర్తిగా నమ్మకండి. 2018లో ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ పరిశోధకులు రెండు రకాల కాఫీనీ కొలిస్తే పీహెచ్ దాదాపు సమానంగానే తేలింది. మొత్తం ఆమ్లాల పరిమాణం మాత్రం వేడి కాఫీలో కాస్త ఎక్కువ.

ఇక మా ఇంటి లెక్క. ఇద్దరం, రోజుకు చెరో కప్పు, అంటే వారానికి పద్నాలుగు కప్పులు. దీనికి 250 గ్రాముల పొడి, లీటరుంపావు నీళ్ళు. ఒక వంతు పొడికి ఐదు వంతుల నీళ్ళన్నమాట. పొడి తన బరువుకు రెండింతల నీళ్ళను పీల్చుకుని తిరిగి ఇవ్వదు. అంటే అర లీటరు పిప్పిలోనే పోతుంది. చేతికొచ్చేది ముప్పావు లీటరు. కప్పుకు 50 మిల్లీలీటర్ల చొప్పున పదిహేను కప్పులు. పద్నాలుగు మాకు, ఒకటి రుచి చూడటానికి.

పొడి ఇడ్లీ రవ్వంత బరకగా ఉండాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇంట్లో ఉన్నదే కదా అని ఫిల్టరు కాఫీ పొడి వేస్తారు. అది మెత్తన. గుడ్డ కన్నాలు మూసుకుపోయి వడకట్టడానికి గంటలు పడుతుంది, అడుగున బురదలాంటి మడ్డి దిగుతుంది, వారం పొడుగునా ఆ మడ్డి సీసాలో నానుతూ చేదును వదులుతూనే ఉంటుంది. తప్పు చికోరీది కాదు, మెత్తదనానిది. గింజలు అమ్మే కొట్టులో మధ్యస్థంగా వేయించినవి తీసుకుని, బరకగా ఆడించమంటే చాలు. నేను అరకు అరబికా వాడతాను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ అది. చన్నీళ్ళలో దాని తీపి వాసన బాగా నిలుస్తుంది.

రెండు లీటర్ల గాజుజాడీలో పొడి వేసి ముందు సగం నీళ్ళు పోయాలి. పొడి పైకి తేలి అట్టలా కడుతుంది. పది నిమిషాలాగి ఆ అట్టను గరిటెతో మెల్లగా లోపలికి నొక్కి, మిగతా నీళ్ళు పోసి మూతపెట్టాలి. లోపల పొడి ముద్దలు మిగిలితే ఆ ముద్దల నడుమ పొడి పొడిగానే ఉండిపోయి డికాక్షన్ పలచబడుతుంది. పుస్తకాల్లో "గది వేడిమిలో పన్నెండు గంటలు" అని రాసి ఉంటుంది. ఆ గది విజయవాడలో మే నెలలో ఉన్న వంటిల్లు కాదు. ఎండాకాలం జాడీని ఫ్రిజ్‌లోనే పెట్టి పద్దెనిమిది గంటలుంచడం మంచిది. నేను శనివారం సాయంత్రం ఐదింటికి పెడితే ఆదివారం పదకొండింటికి తీస్తాను. రుచి పలచగా, పచ్చిగడ్డి వాసనతో ఉంటే ఇంకా నానాలి. నాలుక ఆరిపోయినట్టు, చెక్క నమిలినట్టు ఉంటే ఎక్కువ నానింది.

వడకట్టడం రెండు దశల్లో. ముందు టీ వడకట్టే జాలీ, తర్వాత తడిపి పిండిన పలుచటి నూలుగుడ్డ. గుడ్డను పిండాలని చెయ్యి లాగుతుంది, ఆ పని చేయొద్దు. పిండితే ఇంకో వంద మిల్లీలీటర్లు వస్తుంది కానీ దాంతోపాటు మడ్డీ చేదూ వస్తాయి. జాడీ మీద వదిలేసి అరగంట వేరే పని చూసుకోండి.

ఇప్పుడు పంపకం. ముప్పావు లీటరంతా ఒకే సీసాలో పోస్తే రోజూ రెండుసార్లు మూత తీస్తాం. తీసినప్పుడల్లా కొత్త గాలి వెళ్తుంది, సీసా ఖాళీ అయ్యేకొద్దీ గాలి పెరుగుతుంది, నాలుగోరోజుకు రుచి చప్పబడుతుంది. అందుకే ఏడు చిన్న సీసాలు, ఒక్కోదానిలో వంద మిల్లీలీటర్లు, మెడ దాకా నింపి. సీసాలను మరిగే నీళ్ళలో ముంచి బాగా ఆరబెట్టాకే పోయాలి. తీసిన తేదీ చీటీ మీద రాసి అంటించాలి. నీళ్ళుగానీ పాలుగానీ ముందే కలిపి దాచకూడదు. నీళ్ళు కలిపినది రెండు రోజులకే దిగజారుతుంది, పాలు కలిపితే అది కాఫీ లెక్కలోకి కాదు, పాల లెక్కలోకి వస్తుంది. మూత తీసినప్పుడు బుస్సుమన్నా, పైన పొరలా కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా, వేడిపాలల్లో పోయగానే పాలు విరిగినా ఆలోచించకుండా పారబోయండి.

అసలు చిక్కు వేడి కాఫీ దగ్గర మొదలవుతుంది. చాలామంది డికాక్షన్‌ను గిన్నెలో పోసి స్టవ్ మీద మరిగిస్తారు. పద్దెనిమిది గంటలు కాపాడిన వాసన రెండు నిమిషాల్లో వంటింటి పాలవుతుంది, మిగిలేది మాడు చేదు. మరిగించాల్సింది డికాక్షన్‌ను కాదు, దానిలో కలిపేదాన్ని. ఫ్రిజ్‌లోంచి తీసిన 50 మిల్లీలీటర్లు 5 డిగ్రీల్లో ఉంటుంది. దానిలో 95 డిగ్రీల పాలో నీళ్ళో 100 మిల్లీలీటర్లు కలిపితే వచ్చేది దాదాపు 65 డిగ్రీలు. కప్పు చల్లగా ఉంటే ఇంకా దిగుతుంది. అందుకని కప్పును ముందు వేడినీళ్ళతో కడిగితే తాగడానికి సరిపోయే వేడి మిగులుతుంది. డికాక్షన్ పలచగా తీసి సగానికి సగం కలుపుకుంటే మాత్రం 50 డిగ్రీలే, గోరువెచ్చన. వేడిగా తాగదలచుకున్నవాళ్ళు డికాక్షన్ చిక్కగా తీయాల్సింది ఇందుకే.

మా అత్తయ్యకు 65 చాలదు. ఆవిడకు గ్లాసులోంచి డవరాలోకి నాలుగుసార్లు పోసి నురగ తేల్చాలి, పోసినప్పుడల్లా వేడి తగ్గుతుంది. దీనికి నేను కనిపెట్టిన ఉపాయమేమీ లేదు, చంటిపిల్లల పాలసీసాను వేడిచేసే పద్ధతే. పాలు పొయ్యిమీద పెట్టేటప్పుడే సీసాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే పది నిమిషాల్లో డికాక్షన్ 45 డిగ్రీల దాకా వస్తుంది. అప్పుడు అదే 100 మిల్లీలీటర్ల పొంగిన పాలు కలిపితే 78 డిగ్రీలు. నురగ తేల్చాక కూడా పొగలు పోతాయి. ఇలా వేడిచేసిన సీసాలో ఏమైనా మిగిలితే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టను, ఆ పూటే వాడేస్తాను.

ఐసు ట్రేలో డికాక్షన్ గడ్డకట్టించి దాచుకునేవాళ్ళూ ఉన్నారు. వారం దాటి నిలవ ఉండాలంటే అది మంచి దారే. కానీ ఆ ముక్కలను తిన్నగా వేడిపాలల్లో వేయకండి. గడ్డ కరగడానికే వేడి అంతా ఖర్చయి, కాఫీ 35 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రేపటి ముక్కలను రాత్రే కింది అరలోకి దించి కరగనివ్వాలి.

చల్లగా తాగేవాళ్ళు లెక్క తిరగేయాలి. ఐసు కరిగి నీళ్ళవుతుంది కాబట్టి 50 మిల్లీలీటర్ల డికాక్షన్‌కు 60 మిల్లీలీటర్ల నీళ్ళు చాలు, మిగతాది ఐసు చూసుకుంటుంది. పంచదార చల్లటి దానిలో త్వరగా కరగదు, సమానంగా నీళ్ళు పోసి కాచిన పాకం చెంచాడు వేసుకోండి. ఏ రకంగా తాగినా కలపకుండా మాత్రం తాగొద్దు, ఆ 50 మిల్లీలీటర్లలో ఒక నిండు కప్పు కాఫీ శక్తి ఉంది.

ఇందులో ఖర్చు ఎక్కువన్నది దాచలేను. కప్పుకు పదహారు గ్రాములకు పైగా పొడి పడుతుంది, ఫిల్టరులో అంత పట్టదు. తెల్లవారుజామున ఇల్లంతా కమ్ముకునే డికాక్షన్ వాసన కావాలంటే ఇత్తడి ఫిల్టరుకు సాటి లేదు, దాన్ని అటక ఎక్కించనక్కరలేదు. తలా ఒక వేళకు లేచి, తలా ఒక రకంగా తాగే ఇంటికి మాత్రం ఈ సీసాలు పనికొస్తాయి. మొదటిసారి 125 గ్రాముల పొడి, 625 మిల్లీలీటర్ల నీళ్ళతో చేసి చూడండి. ఏడు కప్పులొస్తాయి. చేదెక్కువైతే వచ్చే వారం రెండు గంటలు తగ్గించండి, పలచగా ఉంటే రెండు గంటలు పెంచండి. పొడి, నీళ్ళ కొలత మాత్రం కదపకండి. సమయమూ కొలతా ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.