పోగు వెంట చూపు: దగ్గరి ఫొటోలో నేతను గుర్తించే తీరు

పడుగు, పేక అనే రెండు వరుసల పోగులు ఒకదానినొకటి అడ్డంగా దాటుకుంటూ పోవడమే నేత. మగ్గం మీద పొడవునా బిగించి ఉంచినది పడుగు, నాడెతో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించేది పేక. ఏ పోగు దేని మీదుగా పోతుంది, ఎన్నింటిని దాటాక కిందికి దిగుతుంది అన్న లెక్క మారిన కొద్దీ బట్ట తీరు మారుతుంది. మామూలు చూపుకు ఆ లెక్క అందదు గాని, ఫోన్ కెమెరాతో రెండు మూడు సెంటీమీటర్ల మేర బట్టను దగ్గరగా ఫొటో తీసి తెర మీద పెద్దది చేసి చూస్తే చాలావరకు చదవవచ్చు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో దుకాణపు బల్ల మీద పరిచిన బట్టల్లో సాదా నేత, ట్విల్, శాటిన్ అనే మూడు మూల రీతులూ కనిపిస్తాయి. వాటి పక్కనే ఇక్కత్ అని చెప్పి అమ్మేవీ ఉంటాయి. వాటిలో నిజంగా పోగుకే రంగు అద్ది నేసినది ఏది, నేసిన తరువాత పైన అచ్చు వేసినది ఏది అన్నదే అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న.

ఫొటో తీసే పద్ధతి మీదనే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. దుకాణంలో నెత్తి మీద వెలిగే ట్యూబులైటు వెలుగులో పోగుల ఎత్తుపల్లాలు చదునైపోతాయి. అదే బట్టను గుమ్మం దగ్గరకు తెచ్చి, వెలుగు ఒక పక్క నుంచి వాలుగా పడేటట్లు ఉంచితే, పైకి లేచిన ప్రతి పోగూ తన పక్కన సన్నని నీడను వేస్తుంది, ఆ నీడల వరుసే నేత రీతిని చెబుతుంది. ఫొటోలో అంచు కూడా కొంత కనబడాలి, ఎందుకంటే అంచు వెంట సాగేదే పడుగు, అంచు లేని ఫొటోలో ఏది పడుగో ఏది పేకో ఖాయంగా చెప్పడం కష్టం. కొలత కోసం పక్కన పది రూపాయల నాణెం పెడితే చాలు, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. నాణెం వెడల్పు మేరకు 54 పడుగు పోగులు లెక్కకు వస్తే సెంటీమీటరుకు 20, అంటే అంగుళానికి దాదాపు 51 పోగులున్నట్లు. తిరగేసి రెండో వైపు కూడా ఫొటో తీయడం తప్పనిసరి. ఆ సంగతి ఎందుకన్నది ముందు ముందు తేలుతుంది.

సాదా నేతలో ప్రతి పేక పోగూ ఒక పడుగు మీదుగా, తరువాతి దాని కిందుగా పోతుంది, దాని పై వరుసలోని పేక సరిగ్గా అందుకు ఎదురుగా నడుస్తుంది, అందువల్ల ఫొటోలో చదరంగపు బల్లలాంటి గళ్లు కనబడతాయి. కొల్లేటి లంకల్లో చేపల పని చేసేవారు కట్టే గళ్ల లుంగీ దీనికి మంచి ఉదాహరణ. నీలం పడుగును నీలం పేక దాటిన చోట నిండు నీలం, తెలుపును తెలుపు దాటిన చోట తెలుపు, నీలాన్ని తెలుపు దాటిన చోట మాత్రం ఒకటి విడిచి ఒకటిగా చుక్కలు చల్లినట్లు లేత నీలం కనిపిస్తాయి. రెండే రంగుల పోగులతో మూడు ఛాయలు పుట్టడం ఇందులోని మర్మం. ఆ లుంగీలో ఏ ఒక్క పోగునైనా చివరిదాకా చూపుతో వెంబడిస్తే అది ఆద్యంతం ఒకే రంగులో ఉంటుందన్న సంగతిని గుర్తుంచుకోవాలి, ఇక్కత్ దగ్గర అదే గీటురాయి అవుతుంది. ఏలూరు పేరు చెప్పగానే తలపుకు వచ్చే తివాచీలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. వాటి పై ముఖాన ఉన్ని ముళ్ల కుచ్చులే తప్ప నేత కనబడదు, వెనక్కి తిప్పి చూసినప్పుడే వరుసలు తీరిన ముళ్లూ వాటిని పట్టి ఉంచిన పడుగు పేకలూ బయటపడతాయి. వల సంగతి ఇంకా వేరు, అది ముళ్లతో అల్లినదే గాని నేసినది కాదు.

ట్విల్‌లో పేక దాటే చోటు ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క పోగు చొప్పున పక్కకు జరుగుతుంది, ఆ మెట్లన్నీ కలిసి ఏటవాలు గీతలుగా కనబడతాయి. జీన్స్ బట్టలో ఎక్కువగా పడుగు మూడు పేకల మీదుగా తేలి ఒక దాని కిందికి దిగుతుంది. పడుగు నీలం, పేక తెలుపు కావడం వల్ల పై ముఖం నీలంగా, లోపలి ముఖం తెల్లగా ఉంటాయి. ఖాకీ డ్రిల్లు కూడా ఈ జాతిదే. గీత వాలు 45 డిగ్రీలుంటే పడుగు పేకల దట్టం దాదాపు సమానమని, అంతకంటే నిటారుగా ఉంటే పడుగు దట్టంగా ఉందని అర్థం. అయితే గీత ఎటు వాలిందన్నది ఫొటోను చూసి చెప్పేటప్పుడు పొరపాటు జరగడం సులభం. బట్టను తిరగేస్తే వాలు ఎదురు దిక్కుకు మారుతుంది, ఫొటోను పావు వంతు తిప్పినా మారుతుంది, ఫోన్ ముందు కెమెరా అద్దంలోలా బొమ్మను తలకిందు చేయకుండా పక్కలు మార్చినా మారుతుంది. అంచు కనబడకుండా తీసిన ఫొటోలో కుడివాలు, ఎడమవాలు అని తీర్పు చెప్పడం అందుకే సాహసం.

ఇంతకన్నా మోసకారి ఇంకొకటి ఉంది. సన్నని సాదా బట్టను కాస్త దూరం నుంచి ఫొటో తీసినప్పుడు, పోగుల వరుసలకూ కెమెరాలో వెలుగును పట్టే చుక్కల వరుసలకూ పొత్తు కుదరక, లేని చారలు వంకరగా, అలలుగా తెర మీద పుడతాయి, దీనిని మోయిరే అంటారు. తెల్లని పంచె ఫొటోలో ఏటవాలు చారలు చూసి ట్విల్ అనుకోవడం ఇలాగే జరుగుతుంది. కెమెరాను నాలుగు వేళ్ల దూరం ముందుకో వెనక్కో జరిపి మరో ఫొటో తీస్తే సంగతి బయటపడుతుంది, మోయిరే చారలు వెడల్పూ వాలూ మార్చుకుంటాయి గాని, ట్విల్ గీత ఉన్న పోగు మీదనే ఉంటుంది.

శాటిన్‌లో పడుగు పోగు కనీసం నాలుగు పేకల మీదుగా తేలి ఐదవ దాని కింద మాత్రమే దిగుతుంది, దిగే చోట్లు ఒకదాని పక్కన ఒకటి రాకుండా చెదిరి ఉంటాయి. పోగులు ఎక్కువ దూరం ఎదురులేకుండా సాగినందువల్లనే శాటిన్ పావడా గుడ్డలో కనిపించే ఆ నిగనిగ వస్తుంది. ఆ నిగనిగకు వెల కూడా ఉంది, తేలిన పోగు చెవి జుంకానో గాజో తగిలినా పైకి లేచిపోతుంది. ఐదు పోగుల శాటిన్ లెక్క ఇలా ఉంటుంది: మొదటి పేక ఒకటవ పడుగును పట్టుకుంటే, రెండవది మూడవ పడుగునూ, మూడవది ఐదవ దానినీ, నాలుగవది రెండవ దానినీ, ఐదవది నాలుగవ దానినీ పట్టుకుంటుంది, అంటే ప్రతిసారీ రెండేసి పోగుల గెంతు. ముందుకో వెనక్కో ఒక్క పోగే గెంతితే అది ట్విల్ అయిపోతుంది, మొత్తం సంఖ్యకూ గెంతుకూ ఒకటి కాక ఉమ్మడి భాజకం ఉంటే కొన్ని పోగులు ఎప్పటికీ పట్టు దొరకక వేలాడతాయి. ఆరు పోగులకు ఈ రెండు చిక్కులూ లేని గెంతు దొరకదు కనుక ఆరు పోగుల సక్రమ శాటిన్ లేదు, ఎనిమిదింటికి మూడేసి గాని ఐదేసి గాని కుదురుతుంది. ఫొటోలో శాటిన్ మీద కూడా లీలగా ఏటవాలు చాలు కనబడవచ్చు, అప్పుడు పడుగు కిందికి దిగిన రెండు చోట్లు ఒకదానికొకటి మూల ఆనించి ఉన్నాయా అన్నది చూడాలి. ఆని ఉంటే ట్విల్, ఎడం ఉంటే శాటిన్.

ఇక్కత్‌లో నేత రీతి సాధారణంగా సాదాయే, విశేషమంతా పోగు మీద ఉంటుంది. నేయక ముందే పోగులను కట్టలుగా చేర్చి, రంగు తగలకూడని చోట్ల గట్టిగా చుట్టి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ వేరే చోట్ల కట్టి ముంచుతారు. నేడు ఆ కట్లకు సైకిలు ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు ఎక్కువగా వాడతారు. చీరాల, పుట్టపాకల తేలియా రుమాళ్లకు నూలును నూనెతోనూ ఆముదపు కాయల బూడిదతోనూ ఊరబెట్టి రంగుకు సిద్ధం చేసేవారు, ఆ నూనె వాసనే వాటికి పేరు తెచ్చింది. పేక పోగును కట్టు కట్టే ముందు అర్ధచంద్రాకారపు చట్రం మీద వేలాదిసార్లు చేయి ఆడించి చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు. తల్లి పడే ఆ శ్రమను చూసి ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019 నాటి సినిమా వల్ల ఆ కథ చాలామందికి తెలుసు.

కట్టు ఎంత బిగువుగా ఉన్నా దాని అంచు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పోగులు వెంట్రుక వాసి ముందు వెనకలు జరుగుతాయి. ఈ రెండు కారణాల వల్ల ఇక్కత్ బొమ్మ అంచు కత్తిరించినట్లు ఉండక, ఈకల చివరల్లా పలచబడి పోగు వెంటే చెదురుతుంది. చెదురు అంచుకు సమాంతరంగా ఉంటే పడుగు ఇక్కత్, అడ్డంగా ఉంటే పేక ఇక్కత్. తేలియా రుమాలు వంటి జంట ఇక్కత్‌లో రెండు దిక్కులా కనబడుతుంది, ఎరుపు పడుగును ఎరుపు పేక సరిగ్గా ఎరుపు చోటనే దాటినప్పుడు చుక్కలు లేని నిండు ఎరుపు తేలుతుంది. పేకకు కట్టు కట్టిన బట్టలో బొమ్మను సరిచేసుకునేందుకు నేతగాడు పోగును అటూ ఇటూ లాగుతాడు కనుక అంచు దగ్గర చిన్న చిన్న ఉచ్చులు మిగలడం కూడా ఒక ఆనవాలు.

ఇప్పుడు డిజిటల్ అచ్చులు ఈ ఈకలను కూడా బొమ్మ గీసి పెడుతున్నాయి, కనుక చెదురు అంచు ఒక్కటే సాక్ష్యంగా చాలదు. ఒక చున్నీ మీద ఎర్రని నేలలో తెల్లని వజ్రపు బొమ్మలున్నాయనుకుంటే, వజ్రం వాలు అంచును నాణెం పక్కన పెట్టి ఫొటో తీసి తెర మీద పెద్దది చేయాలి. పోగుకే రంగు పడినదైతే ఎరుపు, తెలుపు మధ్య హద్దు పోగు నిడివిలో ఎక్కడో ఒకచోట వస్తుంది గాని, ఒకే పోగు వెడల్పును నిలువునా చీల్చి సగం ఎరుపు, సగం తెలుపు చేయదు. కట్ట కట్టి ముంచినందువల్ల పక్కపక్క పోగులు కొన్ని ఒకే మెట్టు దగ్గర రంగు మార్చుకుంటాయి, తరువాతి కట్ట మరో మెట్టు దగ్గర మార్చుకుంటుంది. అచ్చు వేసినదైతే రంగు హద్దు పడుగునూ పేకనూ ఒకేలా కోసుకుంటూ పోతుంది, కొన్ని పోగుల నడుమ నుంచే గీత గీసినట్లు ఉంటుంది. రెండో వైపు ఫొటోలో ఇక్కత్ ముందు వైపు ఉన్నంత నిండుగానే కనబడితే, అచ్చు బట్ట సాధారణంగా వెలవెలబోతుంది. కొల్లేటికి దక్షిణంగా సముద్రం వైపున్న పెడనలో చెక్క దిమ్మెలతో అద్దే కలంకారీని ఇక్కత్ అని ఎవరూ అనరు, కానీ రంగు బట్ట పైనుంచి దిగితే ఎలా ఉంటుందో కన్ను అలవాటు పడడానికి దానిని పక్కన పెట్టి చూడడం మంచి కసరత్తు.

పలచని బట్ట మీద రంగు రెండో వైపుకు ఇంకి అచ్చు కూడా నిండుగా కనబడితే సందేహం మిగులుతుంది. అప్పుడు చివరి కుచ్చు దగ్గర ఒక్క పోగును మెల్లగా లాగి, తెల్లని కాగితం మీద పరిచి ఫొటో తీయాలి. అచ్చు బట్ట పోగు మీద, వేరే పోగు దాటిన చోటల్లా రంగు అందని తెల్లని మచ్చలు వరుసగా మిగిలి ఉంటాయి, ఇక్కత్ పోగులో మాత్రం ఎరుపు ఉన్నంత మేర గుండ్రంగా చుట్టూ ఎరుపే ఉండి, కట్టు పడిన చోట ఒకేసారి తెలుపు మొదలవుతుంది. ఆ పోగు పట్టో పాలియెస్టరో, రంగు మొక్కదో రసాయనికమో మాత్రం ఏ ఫొటో చెప్పలేదు.