రాత్రి పదింటి మీటింగు

సోమవారం రాత్రి మా ఇంటికి భోజనానికొచ్చిన మేనకోడలు, పది కావస్తుంటే పెరుగన్నం సగంలో వదిలేసి లాప్‌టాప్ తెరిచింది. మొన్నటిదాకా ఆ మీటింగు తొమ్మిదికే కదా అన్నాను. “కాలిఫోర్నియాలో నిన్న గడియారం గంట వెనక్కి జరిపారు మావయ్యా, మాకు పదయింది” అంది.

అక్కడ నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు. మనకు ఆ మార్పు లేదు. మీటింగు వాళ్ల టైముకు కట్టి ఉంది కాబట్టి వాళ్లకు ఏడాదంతా ఉదయం 8:30 గానే ఉంటుంది. హైదరాబాదులో చలికాలమంతా రాత్రి పది.

నాకు కోపమొచ్చింది. నేను పత్రికలో నైట్ డ్యూటీ చేసినవాణ్ని. మా డెస్కులో గోడకు ఒక కాగితం అంటించి ఉండేది, ఏ వారం ఎవరిదో అందులో రాసి ఉండేది. చంటిబిడ్డ తల్లికీ సీనియరుకూ ఒకటే లెక్క. తెల్లవారుజామున రెండింటికి ఎడిషన్ వదిలి ఖాళీ రోడ్డు మీద ఇంటికెళ్తున్నా కడుపుమంట ఉండేది కాదు, వచ్చే వారం మరొకరిదని తెలుసు కనుక. కష్టం వంతులవారీగా పంచుకోవాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఆమెకూ అదే చెప్పాను: ఒక వారం మీ రాత్రి, ఒక వారం వాళ్ల సాయంత్రం.

ఆమె తన టీమును అడిగింది. వాళ్ల సాయంత్రం ఆరంటే ఇప్పుడు మనకు ఉదయం 7:30. పిల్లలకు జడలు, టిఫిన్ బాక్సులు, స్కూలు బస్సు. ఆరుగురిలో నలుగురు వద్దన్నారు. రాత్రి తొమ్మిదే నయం, పది మాత్రం వద్దన్నారు. నా వంతుల లెక్క అక్కడ పనికిరాలేదు.

‘ఎప్పుడూ మేమే సర్దుకోవాలా’ అని ఆమె ముందు రాసుకున్న మెయిల్ తుడిచేసింది. పన్నెండు మంది వినే మీటింగులోనూ ఎత్తలేదు. మీటింగు పెట్టేది ఎవరో ఆయనకొక్కడికే, ఆయన ఉదయం వేళ రాసింది: “మీ గడియారం మారడంతో మాకు తొమ్మిది కాస్తా పదయింది. మార్చి దాకా మీకు 7:30కి కుదురుతుందా? రోజూ కుదరకపోతే ఏ రోజులు వీలవుతుందో చెప్పండి.” తప్పు ఎవరిదన్న మాటే లేదు, అడిగింది ఒక గంట.

ఆయన జవాబు నన్ను మెత్తబరిచింది. తన క్యాలెండరులో ఎప్పటిలాగే 8:30 కనిపిస్తోందట, ఇక్కడ పదయిందని తెలియనే తెలియదట. రోజూ కుదరదు గానీ మంగళ, గురువారాలు వస్తానన్నాడు. మిగతా మూడు రోజులూ పని ఎక్కడిదాకా వచ్చిందో రాసి పంపితే చాలన్నాడు.

ఆ రెండు రోజుల ఆహ్వానం ఇప్పుడు మా మేనకోడలే హైదరాబాదు టైముతో పంపింది. మార్చిలో అక్కడ గడియారం జరిగితే ఆయనకు 8:30 అవుతుంది. ఇక్కడ తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది.